క్లినిక్ గురించి పేషెంట్ మాట: "షుగర్ తగ్గింది" మేలా, "చీటీ తెలుగులో రాసిచ్చారు" మేలా?

కొత్తపేట వైపు ఒక చిన్న క్లినిక్ అనుకోండి. ఒకరే డాక్టరు, ఒక కాంపౌండరు, సాయంత్రం పూట ఓపీ. అత్తగారిని చూపించడానికి వచ్చే ఒకావిడ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది:

"సార్, మా అత్తయ్యకి మూడు నెలల షుగర్ తొమ్మిదిన్నర ఉండేది, ఇప్పుడు ఏడుకొచ్చింది, మీ హస్తవాసి మంచిది సార్. రిపోర్టులో ఏ లైను ఏంటో పెన్నుతో గీసి చెప్పారు, ఏ గోళీ తిండికి ముందో ఏది తర్వాతో చీటీ మీద తెలుగులో రాసిచ్చారు, అత్తయ్య అడిగిందే అడిగినా విసుక్కోలేదు. సోమవారం మాత్రం ఏడింటికి టోకెన్ ఇస్తే లోపలికి వెళ్లేసరికి ఎనిమిదైంది."

దీన్ని క్లినిక్ ప్రచారంలో పేషెంట్ మాటగా వేసుకోవడానికి నాలుగు లైన్లకు కుదించాలంటే మూడు దారులున్నాయి.

మొదటిది: "మూడు నెలల షుగర్ తొమ్మిదిన్నర నుంచి ఏడుకి! మంచి హస్తవాసి గల డాక్టర్ గారు." చాలా క్లినిక్‌లు ఇదే ఏరుకుంటాయి, ఎందుకంటే అంకె కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇందులో "నయం చేస్తాం" అనే మాట లేదు కదా అంటారు, కానీ చదివే షుగర్ పేషెంట్ మనసులో అదే మాట వినిపిస్తుంది. ఆవిడకి తగ్గడానికి మందు ఎంత కారణమో, అన్నం తగ్గించడం ఎంతో, పొద్దున నడక ఎంతో ఆ లైను చెప్పదు, ఇంకొకరికి అలాగే తగ్గుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. పైగా షుగర్ 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో ఉన్న జబ్బు, ఫలానా మందుతో తగ్గుతుందని ప్రకటన ఇవ్వడాన్ని ఆ చట్టం నిషేధించింది. నయం చేసిన కేసుల గురించి గొప్పలు చెప్పుకోవడం, పేషెంట్లను రాబట్టుకోవడం డాక్టర్లకు తగదని 2002 నాటి వృత్తి నియమావళి కూడా అంటుంది. కాబట్టి ఇది వద్దే వద్దు.

రెండోది: "అత్యుత్తమ సేవలు, స్నేహపూర్వక సిబ్బంది, అందరికీ సిఫార్సు చేస్తున్నాం." ఇందులో చికిత్స గురించి ఏ హామీ లేదు, నిజమే. కానీ ఆవిడ గొంతు కూడా లేదు! దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ అత్తాకోడళ్లూ "స్నేహపూర్వక సిబ్బంది" అని మాట్లాడుకోరు, దాన్నే తీసుకెళ్లి కార్ల షోరూమ్‌కి పెట్టినా సరిపోతుంది, చదివినవాళ్లు డబ్బులిచ్చి రాయించారనుకుంటారు.

మూడోది: "రిపోర్టులో ఏ లైను ఏంటో పెన్నుతో గీసి చెప్పారు. ఏ గోళీ తిండికి ముందో ఏది తర్వాతో చీటీ మీద తెలుగులో రాసిచ్చారు. అత్తయ్య అడిగిందే అడిగినా విసుక్కోలేదు. సోమవారం మాత్రం ఏడింటి టోకెన్‌కి ఎనిమిదైంది."

నా ఓటు దీనికే. ఇందులో ప్రతి మాటా గదిలో జరిగినదాని గురించే తప్ప ఒంట్లో జరిగినదాని గురించి కాదు. పెన్ను, చీటీ, టోకెన్ అన్నీ ఆవిడ కళ్లతో చూసినవి కాబట్టి సాక్ష్యం చెప్పే హక్కు ఆవిడకుంది, షుగర్ ఎందుకు తగ్గిందో చెప్పే హక్కు మాత్రం లేదు. ఆలస్యం లైను తీసేయమని డాక్టర్ గారు అడగొచ్చు, నేనైతే ఉంచమనే చెబుతాను, మిగతా మూడు లైన్లను నమ్మించేది అదే, పైగా సోమవారం వచ్చేవాళ్లకు పనికొచ్చే సమాచారం. కుదించేటప్పుడు ఆవిడ మాటలు తీసేయొచ్చు, మన మాటలు కలపకూడదు, "విసుక్కోలేదు" అన్నదాన్ని "ఓర్పుతో వివరించారు" అని దిద్దారంటే మళ్లీ రెండోదానివైపు జారినట్టే.

అయితే మూడో రకంలోనూ హామీ దొంగచాటుగా దూరుతుంది. "ఇప్పుడు అత్తయ్య హాయిగా మెట్లెక్కుతోంది", "ఎంతమందికి చూపించినా కానిది ఇక్కడైంది", "ఏ సైడ్ ఎఫెక్టూ లేదు" లాంటివి మామూలు కబుర్లలాగే ఉంటాయి, కానీ మూడూ ఫలితం గురించే. వచ్చేముందు, వచ్చిన తర్వాత అని రెండు స్థితులు పక్కపక్కన కనిపిస్తే చాలు, ఆ వాక్యం కొట్టేయండి. అసలు అడిగే ప్రశ్నలోనే సగం పని ఉంది: "నొప్పి తగ్గిందా?" అంటే ఫలితమే చెబుతారు, "మొదటిసారి వచ్చినప్పుడు ఏం జరిగింది?" అంటే టోకెన్ దగ్గర్నుంచి మొదలుపెడతారు. అలాగని రివ్యూ రాస్తే కన్సల్టేషన్ ఫీజులో తగ్గింపు ఇస్తామనడం మాత్రం వద్దు, అది మాటను కొనడమే.

ఇంకొకటి, మాట కోడలిదైనా జబ్బు అత్తగారిది. పైన మూడో దాంట్లో షుగర్ అన్న పదమే లేదు చూశారా, అయినా అత్తగారి ప్రస్తావన ఉంది కాబట్టి ఆవిడకు చదివి వినిపించి, సరేనంటేనే ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోవాలి. కింద పేరు బదులు "ఒక కోడలు, కొత్తపేట" అని వేస్తే చాలు. తర్వాతెప్పుడైనా తీసేయమంటే కారణం అడక్కుండా ఆ రోజే తీసేయాలి.