ఆ ఫోటోలో గోడ మా ఇంటిదే, దాని కింద రాసింది మాత్రం అబద్ధం

తిరుపతిలో ఇల్లు బాగు చేయించుకోవాలని చూస్తున్న అన్నలూ, అక్కలూ, డబ్బులిచ్చే ముందు ఇది చదవండి. బిఫోర్, ఆఫ్టర్ అని రోజూ రీళ్లు పెట్టే ఆ ఇంటీరియర్ ఆయన మీ ఫోన్లలోనూ కనిపిస్తూనే ఉంటాడు. పేరు రాయను. ఆదివారం రాత్రి జరిగిన సంగతి ఇది. ఇంకా చేతులు వణుకుతున్నాయి, రాత ముందూ వెనకా అయితే ఏమనుకోకండి.

మాది ఎం.ఆర్.పల్లి వైపు పాత ఇల్లు. బెడ్‌రూమ్ గోడకు అవతల బాత్రూమ్. కింద మూడడుగుల దాకా గోడ చెమ్మెక్కి, సున్నం పెచ్చులుగా రాలేది. వాళ్ల పేజీలో అచ్చం అలాంటి గోడనే బాగు చేసిన ఫోటో చూసి పిలిపించాను. 68 వేలు మాట్లాడుకున్నాం. నలుగురు వచ్చి నాలుగు రోజుల్లో ముగించారు. పెచ్చులు గీకారు, రెండు కోట్లు పుట్టీ పెట్టారు, ప్రైమర్ కొట్టి రంగేశారు, కింది భాగానికి ప్లాస్టిక్ ప్యానెల్ బిగించారు. బాత్రూమ్ లోపలికి ఒక్కడు కూడా అడుగు పెట్టలేదు. నేను ఇంట్లోనే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను, ఎందుకు అడగలేదో ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

ఆరు వారాలు గడిచాయి. ఆదివారం రాత్రి మా బావమరిది, 'బావా, ఇది మీ రూమే కదా' అంటూ ఒక పోస్టు పంపాడు. మా గోడే. మా మంచమే. కింద ఇలా రాశారు: 'చెమ్మ గోడకు శాశ్వత పరిష్కారం. పూర్తి వాటర్‌ప్రూఫింగ్. పదేళ్ల గ్యారంటీ.'

ఫోన్ చేతిలో పెట్టుకునే గోడ దగ్గరికి వెళ్లాను. ఫోటోలో నున్నగా మెరుస్తున్న చోట, ప్యానెల్‌కు జానెడు పైన, రంగు అరచేయంత బుడగలా లేచి ఉంది. బొటనవేలితో నొక్కితే చిట్లింది. లోపల పుట్టీ పిండిలా ముద్దయి ఉంది, దాని వెనక ఇటుక మీద తెల్లగా ఉప్పు. వేలు తడిసింది. ప్యానెల్ ఒక మూల లాగితే ముక్కు పగిలే వాసన, వెనక నల్లగా బూజు.

ఆ పోస్టు కిందే కామెంటు పెట్టాను, 'ఇది మా ఇల్లు, ఇక్కడ వాటర్‌ప్రూఫింగ్ చేయలేదు' అని. ఐదు నిమిషాల్లో తీసేశారు. వెంటనే ఆయనే ఫోన్ చేశాడు. పని చేసేటప్పుడు 'సార్, సార్' అన్న మనిషి ఏమన్నాడంటే, "క్యాప్షన్ జనాలు చూడ్డానికి పెడతామన్నా. అదేమన్నా అగ్రిమెంటా? నీ బిల్లు తీసి చూస్కో, వాటర్‌ప్రూఫింగ్ అని యాడన్నా ఉందా?"

బీరువాలోంచి బిల్లు తీసి చూశాను. నిజంగానే లేదు. 'గోడ గీకుడు, పుట్టీ, పెయింటింగ్, ప్యానెల్' అని శుభ్రంగా రాసి ఉంది. నాకిచ్చిన కాగితంలో నిజం రాశాడు, ఊరంతా చూసే ఫోటో కింద అబద్ధం రాశాడు. చేసిన పని ఏమిటో తెలిసే, రెండు చోట్ల రెండు రకాలుగా రాశాడు. 68 వేలు పోయినదానికంటే ఇదే నాకు ఎక్కువ మండుతోంది. నేను వేరే ఎవరిదో గోడ చూసి మోసపోయాను, ఇప్పుడు నా గోడ చూపించి ఇంకొకరిని పిలుస్తున్నాడు. ఆ పోస్టు కింద రేణిగుంట నుంచి ఒకావిడ 'మాదీ ఇలాగే ఉంది, రేటెంత?' అని అడిగి ఉంది.

సోమవారం మా నాన్న కాలం నుంచి తెలిసిన బేల్దారి మేస్త్రిని పిలిచాను. ఆయన గోడ వైపు చూడకుండా నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్లాడు. నీళ్లు పోయే జాలీ తీసి, గొట్టం లోపలికి గుడ్డ కుక్కి, గడప దగ్గర ఇసుక సిమెంటుతో చిన్న కట్ట కట్టి, రెండంగుళాల మేర నీళ్లు నింపాడు. నీటి మట్టం దగ్గర పెన్సిల్‌తో గీత గీసి, రేపటిదాకా ఎవరూ వాడొద్దన్నాడు. ఈరోజు పొద్దున వచ్చి చూస్తే నీళ్లు గీతకు వేలెడు కిందికి దిగాయి. బెడ్‌రూమ్ వైపు తడి మాత్రం పైకెక్కింది. జాలీ కింద గొట్టం చుట్టూ సిమెంటు వదిలేసింది, స్నానం చేసిన ప్రతిసారీ కొంత నీరు అక్కడి నుంచే గోడలోకి పోతోంది.

"నీళ్లు ఆపకుండా పుట్టీ పెడితే ఎట్లుంటాది సామీ" అన్నాడు ఆయన. ఇటుకలోని తడి ఆరాలంటే బయటికి రావాల్సిందే. వచ్చేటప్పుడు గోడలోని ఉప్పును కూడా మోసుకొస్తుంది. తడి ఆవిరయ్యాక ఆ ఉప్పు రంగు వెనకే గడ్డకట్టి, రంగును ముందుకు తోస్తుంది. ప్యానెల్ బిగిస్తే తడికి దారి లేక లోపలే మగ్గుతుంది, లేదా ప్యానెల్ దాటి ఇంకా పైకి పాకుతుంది. మాకు జరిగింది సరిగ్గా అదే.

ముందు జాలీ చుట్టూ టైల్స్ పగలగొట్టి గొట్టం మళ్లీ బిగించాలట. బాత్రూమ్ నేలకూ, గోడల మీద అడుగెత్తుకూ వాటర్‌ప్రూఫ్ పూత వేసి, మళ్లీ నీళ్లు నింపి చూశాకే టైల్స్ పెట్టాలి. ఆ తర్వాత బెడ్‌రూమ్ వైపు ఇటుక కనబడేదాకా పూత చెక్కేసి, కొన్ని వారాలు ఆరనివ్వాలి. కొత్త ప్లాస్టరింగ్ చేసి, వారం రోజులు నీళ్లు కొట్టి, మొత్తం నెల దాకా ఆగి అప్పుడు పుట్టీ. అంటే రెండు నెలల పైమాటే. నాలుగు రోజుల్లో 'పూర్తి వాటర్‌ప్రూఫింగ్' అని ఎవరైనా రాస్తే అందులో ఎంత నిజముందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ రెండు ఫోటోలు ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా చాలా కనబడుతున్నాయి. ముందు ఫోటో రాత్రిపూట లైటు ఆపి, ఫ్లాష్ వేసి, మరకకు దగ్గరగా తీసింది. తర్వాతది కిటికీ తెరిచి, మధ్యాహ్నపు వెలుతురులో, గదంతా విశాలంగా కనబడేట్టు దూరం నుంచి తీసింది. ఎక్కువ చెడిన ఎడమ మూల కనబడకుండా మంచం జరిపారు. అన్నిటికంటే ముఖ్యంగా, అది రంగేసిన రోజే తీసిన ఫోటో. ఆ రోజు ఏ గోడైనా అందంగానే ఉంటుంది.

ఆ ఫోటో కింద నిజంగా రాయాల్సింది ఇది, నేనే రాస్తున్నాను: 'ముందు: బాత్రూమ్ లీకు వల్ల చెమ్మెక్కిన గోడ. తర్వాత: గీకి, పుట్టీ, రంగు, ప్యానెల్ వేశాం. లీకు ఎక్కడుందో చూడలేదు, వాటర్‌ప్రూఫింగ్ చేయలేదు. నాలుగు రోజుల పని. ఫోటో పని ముగిసిన రోజు తీసింది. లీకు ఆపకపోతే చెమ్మ తిరిగి వస్తుంది.' ఇలా రాసి ఉంటే నాకు కోపమే లేదు. పెళ్లికో, అద్దెకివ్వడానికో పైపైన చేయించుకునేవాళ్లూ ఉంటారు, వాళ్లు తెలిసే చేయించుకుంటారు.

మీరు పిలిచే ముందు, పని అయిన ఆరునెలల తర్వాత, ఒక కార్తీక మాసం వానలు దాటాక తీసిన ఫోటో అడగండి. క్యాప్షన్‌లో ఉన్న ప్రతి మాటా బిల్లులో రాయించుకోండి. నేను పోస్టు స్క్రీన్‌షాట్, బిల్లు రెండూ దాచిపెట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో రాసి ఉంది, బిల్లులో లేదు కాబట్టి మాకేం సంబంధం అంటే సరిపోదని నా నమ్మకం.

రేణిగుంట ఆవిడకు విడిగా మెసేజ్ పెట్టాను. ఈ పొద్దున తీసిన గోడ ఫోటో, తేదీతో సహా పంపాను. గురువారం అడ్వాన్సు ఇవ్వాల్సి ఉందట, ఆగిపోయానని ఇప్పుడే రాసింది.