'టేకు ఫినిష్' అంటే టేకు కాదు, బిల్లు చదివి కొనండి

మూడు తలుపుల వార్డ్‌రోబ్ ఒకటి టేకు ధర పెట్టి కొని ఎనిమిది నెలలైంది. మొన్న మధ్య తలుపు చేతికి ఊడొచ్చింది. స్క్రూలు విరగలేదు, వంగలేదు. బందుతో పాటే బయటికొచ్చాయి, స్క్రూ మరల మధ్య నిండా రవ్వలాంటి పొట్టు. రంధ్రంలో వేలితో గీకితే ఇంకా రాలింది. లోపలున్నది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టును జిగురుతో కలిపి వేడిగా నొక్కిన పలక.

షాపులో "బరువు చూడండి సార్, టేకు" అన్నారు. ఇద్దరం కలిసి కదపలేకపోయాం, నమ్మేశాను. ఇప్పుడు తెలిసిందేమిటంటే బోర్డులూ ఇంచుమించు టేకంత బరువుంటాయి, సన్నటి చెక్క నారను జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ అయితే ఇంకొంచెం ఎక్కువే. వెళ్లి అడిగితే "బిల్లులో టేకు ఫినిష్ అనే రాశాం కదా" అన్నారు. నిజమే, రాశారు. ఫినిష్ అంటే పైపొర రంగూ చారలూ మాత్రమేనని చదివినప్పుడు నాకు తట్టలేదు.

కొనేముందు ఒక్క బందు విప్పి చూపించమనండి. ఇలాంటి వార్డ్‌రోబ్ తలుపుల్లో బందు కప్పు కోసం సాధారణంగా 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంత తొలుస్తారు. ఆ గుంతలో రంగూ లామినేటూ ఉండవు కాబట్టి లోపలి సరుకు దాగదు. అసలు చెక్కయితే నార కనిపిస్తుంది, ప్లైవుడ్ అయితే గుంత గోడ చుట్టూ పొరలు. ఎండీఎఫ్ నున్నటి అట్టలా ఉంటుంది, పార్టికల్ బోర్డులో పొట్టు ముక్కలు విడివిడిగా తెలుస్తాయి. విప్పనివ్వకపోతే తలుపు పై అంచు తడిమి చూడండి. అసలు చెక్క పలకను అడ్డంగా కోసిన చోట చెట్టు వలయాల ముక్కలు కనిపించాలి. నా తలుపుకి నాలుగు అంచుల్లోనూ చారలు పొడవునే పరిగెత్తాయి, ఎందుకంటే అది అతికించిన పట్టీ.

మా దాంట్లో సాఫ్ట్ క్లోజ్ బందులు వేశారు, వాటిని చూపించే ధర పెంచారు. బందు మంచిదే, కానీ స్క్రూ పట్టు దాన్ని బిగించిన పలకను బట్టే ఉంటుంది. పొట్టు పలకలో రంధ్రం ఒకసారి పెద్దదైతే అదే స్క్రూ మళ్లీ బిగించినా నిలవదు. కార్పెంటర్ ఆ రంధ్రాన్ని వెడల్పు చేసి, చెక్క మేకు జిగురుతో దిగ్గొట్టి, ఆరాక అందులో స్క్రూ ఎక్కించాడు. మిగతా బందులకు హామీ ఇవ్వలేనన్నాడు.

పార్టికల్ బోర్డు పనికిరాదని కాదు. తడి తగలని చోట, తేలికైన బట్టలకు, బోర్డు ధరకే ఇస్తే నేనే కొంటాను. కానీ టేకు ధర అడిగినవాళ్లని తలుపులు, పక్క పలకలు, అరలు, వెనక పలక దేనితో చేశారో బిల్లులో విడివిడిగా రాసిమ్మనండి. రాయడానికి నసిగితే అడ్వాన్సు ఇవ్వకండి.