నోటీసు పూర్తి చేయడమా, డబ్బు కట్టి వెళ్లిపోవడమా?

రాజీనామా రోజుకు సర్వీసు 14 ఏళ్ల 5 నెలలు, నోటీసు 2 నెలలు, బేసిక్, డీఏ కలిపి రూ. 52,000 అనుకుందాం. గ్రాట్యుటీ లెక్కలో ఏడాదికి 15 రోజుల జీతం, నెలను 26 రోజులుగా తీసుకుంటారు. అంటే ఏడాదికి రూ. 30,000.

నోటీసు డబ్బు కట్టి వెంటనే వెళ్తే 14 ఏళ్లే లెక్క: రూ. 4,20,000. పైగా 2 నెలల జీతం కోత. నోటీసు పనిచేస్తే 14 ఏళ్ల 7 నెలలు. ఆరు నెలలు దాటిన భాగం పూర్తి ఏడాదే కాబట్టి రూ. 4,50,000 వస్తుంది. కొత్త కంపెనీ ఆగగలిగితే ఇదే మేలు.

నోటీసు బాకీని ఆఖరి జీతంలో సర్దుకోవచ్చు గానీ గ్రాట్యుటీలో పట్టుకోకూడదు; సెటిల్‌మెంట్ కాగితంలో ముందు ఇదే చూడండి. పీఎఫ్ నిల్వ రెండు దారుల్లోనూ మీదే. అయితే పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ ఎక్కకపోతే బదిలీ ఆగిపోతుంది.