నూటికి మూడు రూపాయల నోటా, సంఘం అప్పా? పరపతి సంఘానికి ఒక కిరాణా కొట్టు యజమాని రాసిన దరఖాస్తు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, పాలకవర్గ సభ్యులకు,

విషయం: ప్రామిసరీ నోటు బాకీ తీర్చడానికి 1,10,000 రూపాయల అప్పు కోరడం గురించి.

అయ్యా,

దరఖాస్తు ఫారంలో ‘అప్పు దేనికి’ అన్న గడిలో ‘వ్యాపారాభివృద్ధి’ అని రాస్తే పని త్వరగా అవుతుందని కొందరు సలహా ఇచ్చారు. నేను ‘పాత బాకీ తీర్చడానికి’ అనే రాశాను. సరుకు కోసమని తీసుకున్న డబ్బు నోటు మీద అప్పిచ్చిన మనిషి చేతికి వెళ్తే రేపు మీరు కొట్టుకు వచ్చి అల్మరాలు చూసినప్పుడు నా దగ్గర సమాధానం ఉండదు. పైగా ఈ డబ్బు నా చేతికి ఇవ్వవద్దని కూడా ఈ లేఖలో అడగబోతున్నాను. అందుకు కారణం తెలియాలంటే లెక్క మొత్తం మీ ముందు పెట్టాలి.

నాకు ఇప్పుడు రెండు బాకీలు ఉన్నాయి. మొదటిది ఇంట్లో ఆపరేషన్ అవసరానికి రెండున్నరేళ్ల కిందట రాసిచ్చిన లక్ష రూపాయల నోటు. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. నెలకు 3,000 చొప్పున ఒక్క నెల కూడా తప్పకుండా కడుతూ వచ్చాను. ఇంతవరకు 90,000 కట్టాను, అసలు మాత్రం లక్షకు లక్ష అలాగే ఉంది. మూడు రూపాయలు అంటే చెవికి చిన్నగా వినిపిస్తుంది కానీ ఏడాదికి చూస్తే 36 శాతం. మీ సంఘం తీసుకునే రూపాయి వడ్డీ 12 శాతం.

అప్పిచ్చిన ఆయనను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ రోజు గంటలో డబ్బు చేతిలో పెట్టాడు, కాగితాలు అడగలేదు. మీ పాలకవర్గం నెలకు ఒక్కసారే కూర్చుంటుంది, ఆసుపత్రి అంతవరకు ఆగదు. ఆ తొందరకు ఎక్కువ వడ్డీ కట్టడం ఒక నెలకో రెండు నెలలకో సబబే. తొందర తీరిపోయాక కూడా అదే ధర కడుతూ ఉండడమే నా నష్టం.

రెండో బాకీ రోజువారీ ఫైనాన్సు. దసరా సరుకు కోసం తీసుకున్నాను. రాసుకున్నది 20,000, ముందే 2,000 కోసుకుని చేతికి ఇచ్చింది 18,000. రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. బజారులో అందరూ దీన్ని ‘పది శాతం’ అంటారు. నిజానికి ఆ 18,000 వంద రోజులూ నా దగ్గర ఉండదు. రోజూ తగ్గుతూ వస్తుంది కాబట్టి సగటున నేను వాడుకునేది 9,000 దాకానే. తొమ్మిది వేలకు వంద రోజుల్లో రెండు వేలు అంటే 22 శాతం పైమాట, ఏడాదికి దగ్గర దగ్గర 80 శాతం. మూడు రూపాయల నోటు మీద మండిపడే మనిషే ఆరున్నర రూపాయల వడ్డీకి నవ్వుతూ రోజుకు రెండు వందలు తీసి ఇస్తాడు. నేనూ అంతే.

ఇందులో ఇంకా 60 రోజులు మిగిలాయి, అంటే 12,000. వడ్డీ ఎక్కువ ఉన్న అప్పునే ముందు తీర్చాలి కదా, దీనికి కూడా కలిపి ఎందుకు అడగలేదని మీరు అనవచ్చు. ఫైనాన్సు వారు వడ్డీని మొదటి రోజే కోసుకున్నారు. ఈరోజే 12,000 తెచ్చి కట్టినా ఒక్క రూపాయి తగ్గించరు, నేను అడిగి తెలుసుకున్నాను. ఇక నుంచి ఆ 12,000కు కొత్తగా వడ్డీ పడదు. మీ దగ్గర 12 శాతానికి తెచ్చి దాన్ని తీర్చితే వడ్డీ లేని బాకీని వడ్డీ ఉన్న బాకీగా మార్చుకున్నట్టు. అది పండుగ సరుకు అమ్మకాల్లోంచి రోజూ తీరిపోతోంది, తీరాక మళ్లీ తీసుకోను. వచ్చే పండుగకు చేతిలో ఉన్న నగదుకు సరిపడా సరుకే తెస్తాను. కాబట్టి నేను అడుగుతున్నది నోటు బాకీకి మాత్రమే.

నోటుకు లక్ష చాలదా, లక్షా పది వేలు ఎందుకన్నది తర్వాతి ప్రశ్న. తీర్చే నెల వడ్డీ 3,000 కలిపితే నేను ఇవ్వవలసింది 1,03,000. మీ నియమం ప్రకారం అప్పులో పదో వంతు వాటాధనం ఉండాలి. నాకు ఇప్పుడు ఉన్నది 4,000. లక్షే అడిగితే 6,000 వాటా కింద పట్టుకుని 94,000 ఇస్తారు, తక్కువపడిన తొమ్మిది వేలకు నేను మళ్లీ ఎవరి గుమ్మమో ఎక్కాలి. పాత అప్పు తీర్చడానికి అప్పు తెచ్చుకున్నవారు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నోటు బాకీ పూర్తిగా తీరదు, మిగిలిన ముక్క మీద మూడు రూపాయలు నడుస్తూనే ఉంటాయి, సంఘం వాయిదా దానికి తోడవుతుంది. 1,10,000 అయితే 11,000 వాటా కావాలి, 7,000 పట్టుకుంటారు, చేతికి సరిగ్గా 1,03,000 వస్తుంది.

ఇక ఎన్ని నెలలు? మీ దగ్గర 24 నెలలు, 36 నెలలు రెండూ ఉన్నాయి. 24 అయితే నెల వాయిదా 5,178, మొత్తం వడ్డీ 14,300 దాకా. 36 అయితే నెలకు 3,654, మొత్తం వడ్డీ 21,500 దాకా. వడ్డీ మాత్రమే చూస్తే 24 నెలలే మేలు. నా కొట్టు లెక్క చూస్తే కాదు. రోజుకు సగటున 6,500 అమ్మకం, అందులో నాకు మిగిలేది నూటికి పది. పప్పులు, మసాలాల మీద కొంచెం ఎక్కువ, నూనె, చక్కెర మీద బాగా తక్కువ. నెలకు 19,500 వస్తే అద్దె, కరెంటు, ఇంటి ఖర్చు పోను ఐదు వేలు మిగులుతుంది. ఆషాఢంలో అది కూడా ఉండదు. మిగిలే దానికన్నా పెద్ద వాయిదా ఒప్పుకుంటే మూడో నెలకే తప్పుతాను, జామీను ఉన్న ఇద్దరు సభ్యుల ముందు తల దించుకోవాలి. అందుకని 36 నెలలు కోరుతున్నాను. గిరాకీ బాగున్న సంక్రాంతి, దసరా నెలల్లో వాయిదాకు మించి కడితే దాన్ని అసలులో జమ చేసుకోవాలని, ముందుగా తీర్చినందుకు రుసుము వేయవద్దని నా విన్నపం.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. నోటుకు నెలకు 3,000, సంఘానికి 3,654. తేడా 654 రూపాయలు. నోటు దారిలో ఇంకో 36 నెలలు నడిస్తే 1,08,000 వడ్డీ కట్టి, చివరి రోజున లక్ష రూపాయల బాకీతో అక్కడే నిలబడి ఉంటాను. సంఘం దారిలో మొత్తం కట్టేది సుమారు 1,31,500. చివరికి బాకీ సున్నా, అందులోంచే పట్టిన ఏడు వేలు నా పేరున వాటాగా ఉంటుంది.

మూడో దారి కూడా విచారించాను. ఒక ప్రైవేటు ఫైనాన్సు సంస్థ మీలాగే 12 శాతం అని చెప్పింది, రెండు రోజుల్లో డబ్బు ఇస్తామన్నది. నెల వాయిదా అడిగితే 4,156 అన్నారు. వడ్డీ శాతం ఒకటే అయినప్పుడు నెలకు ఐదు వందలు ఎందుకు ఎక్కువ? వాళ్లది ఫ్లాట్ వడ్డీ. అసలు నెలనెలా తగ్గుతున్నా, మూడేళ్లూ మొదటి రోజు తీసుకున్న 1,10,000 మీదే వడ్డీ వేస్తారు. అలా 39,600 అవుతుంది. తగ్గే బాకీ మీద లెక్కకట్టి చూస్తే అది దాదాపు 21 శాతం. అందువల్ల శాతం అడగడం మానేసి, నెలకు ఎంత, ఎన్ని నెలలు, చేతికి వచ్చేది ఎంత అని మూడే అడుగుతున్నాను. మీ వడ్డీ తగ్గే బాకీ మీదే అని మీ గుమాస్తా గారు నోటిమాటగా చెప్పారు. మంజూరు పత్రంలో ఆ మాట, వాయిదాల పట్టిక ఉండేలా చూడగలరు.

బంగారం మీద బ్యాంకులో మీకన్నా తక్కువకే దొరుకుతుందని తెలుసు. కుదువ పెట్టదగిన బంగారం ఇంట్లో మిగలలేదు. ముద్రా అప్పు వ్యాపారానికే ఇస్తారు, పాత బాకీలకు కాదన్నారు. ప్రైవేటు అప్పుల్లో చిక్కుకున్నవారికి వాటిని తీర్చుకోవడానికి ఇచ్చే లక్ష వరకు అప్పును కూడా బ్యాంకులు ప్రాధాన్య రంగం కింద చూపించుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2020 నాటి మార్గదర్శకాల్లో ఉండేది. నేను వెళ్లిన శాఖలో దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు, నాకు కొట్టు మూసి తిరిగే తీరిక లేదు.

నా అరువు పుస్తకం గురించి మీరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఖాతాదారుల నుంచి రావలసింది 35,000 దాకా ఉంది. వాళ్లకు నేను వడ్డీ వేయలేను, వేస్తే పక్క కొట్టుకు వెళ్తారు. అంటే వాళ్ల పప్పు, ఉప్పు కోసం నెలకు 1,050 రూపాయల వడ్డీ నేను కడుతున్నట్టు. అది వసూలు చేసి నోటుకు కట్టవచ్చు కదా అంటే, ఒకటో తారీఖున వచ్చింది పదో తారీఖు లోపల మళ్లీ అరువుగా వెళ్లిపోతుంది. కొత్త ఖాతాలు ఇవ్వడం మాత్రం ఆపాను.

చివరిగా, డబ్బు నా చేతికి వద్దని అన్న మాట. నేను కట్టిన వడ్డీలో చాలా భాగం నగదు, రసీదు లేదు. నోటుతో పాటు సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు కూడా అప్పిచ్చిన ఆయన దగ్గర ఉన్నాయి. డబ్బు ఇచ్చి నోటు తర్వాత తీసుకుందామని వచ్చేసినవారికి అదే నోటు మీద కోర్టు నోటీసు రావడం, ఖాళీ చెక్కు నింపి బ్యాంకులో వేయడం మన ఊళ్లలో కొత్త కాదు. అందుకే 1,03,000 సంఘం నుంచి నేరుగా ఆయన బ్యాంకు ఖాతాకు పంపాలని, ఆ సమయంలో మీ ప్రతినిధి ఒకరు ఉండాలని కోరుతున్నాను. అసలు నోటు వెనుక ‘పూర్తిగా చెల్లు’ అని తేదీ వేసి ఆయన సంతకం చేయాలి. ఆ నోటు, రెండు చెక్కులు అప్పుడే నా చేతికి రావాలి. దీనికి ఆయన ఒప్పుకున్నారు.

నోటుకు మూడేళ్లు నిండడానికి ఆరు నెలలే ఉంది. గడువు దాటితే దావాకు పనికిరాదని ఆయన ఇప్పటికే తిరగరాయమంటున్నారు. అలా తిరగరాసేటప్పుడే కట్టని వడ్డీ అసలులో కలిసి, బారు వడ్డీ చక్రవడ్డీ అవుతుంది. నాకు వడ్డీ బకాయి లేదు కాబట్టి ఇప్పటిదాకా ఆ బాధ లేదు, కానీ కొత్త నోటు రాసిచ్చానంటే ఆయనకు ఇంకో మూడేళ్లు దొరుకుతాయి. వచ్చే నెల సమావేశంలోనే నా దరఖాస్తు తీసుకోవలసిందిగా మనవి.

నోటు నకలు, ఫైనాన్సు కార్డు నకలు, మూడు నెలల అమ్మకాల పుస్తకం, జామీనుదారుల అంగీకార పత్రాలు జతపరిచాను. అరువు పుస్తకం మాత్రం కొట్టుకు వచ్చి చూడగలరు, అందులో ఇతరుల పేర్లు ఉన్నాయి.

ఇట్లు,
మీ సంఘ సభ్యుడు