ఒకే రివ్యూ, రెండు టైటిళ్లు

జగదాంబ సెంటర్‌లో మార్నింగ్ షో చూసొచ్చి, వీడియోకి రెండు టైటిళ్లు రాసుకున్నాను.

మొదటిది: "క్లైమాక్స్‌లో హీరో చనిపోతాడా? షాకింగ్ రివ్యూ!" ప్రశ్న గుర్తు పెట్టినంత మాత్రాన గుట్టు దాగదు. హీరో బతికే ఉంటే అది అబద్ధం కూడా. పైగా సినిమా పేరే లేదు, వెతికేవాళ్లకు ఎలా దొరుకుతుంది?

రెండోది: ముందు సినిమా పేరు, వెంటనే "Review Telugu", ఆ తర్వాత "సెకండాఫ్ నిలబడిందా? స్పాయిలర్లు లేవు". మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు కదా! యూట్యూబ్ టైటిల్‌కి 100 అక్షరాలు ఇస్తుంది గానీ, పొడవైతే ఫోన్‌లో చివర కనిపించదు. అందుకే పేరు ముందుండాలి.

ఇదే పెట్టాను. సెకండాఫ్ గురించి వీడియోలో సూటిగా చెప్పాను కాబట్టి మోసం లేదు. కాకపోతే ఇంటర్వెల్ ట్విస్ట్ దగ్గర నోరు జారిన ముక్క కోసేయాల్సి వచ్చింది. థంబ్‌నెయిల్‌లో ఆ సీన్ స్టిల్ కూడా తీసేశాను.