పగలు ఒక గామా, రాత్రి ఒక గామా: నాలుగేళ్ల వాడకం తర్వాత మా హాలు టీవీ

కర్నూలులోని మా ఇంటి హాలులో 55 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ పెట్టుకుని నాలుగేళ్లు దాటింది. ప్యానెల్ వీఏ రకం కాబట్టి నలుపు బాగా వస్తుందని చదివి మరీ కొన్నాను. హాలుకు తూర్పున గుమ్మం, దక్షిణాన రెండు కిటికీలు ఉన్నాయి, నేలంతా పాలిష్ పట్టిన లేత రంగు బేతంచెర్ల బండలు. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా గుమ్మంలోంచి పడిన ఎండ ఆ బండల మీద నుంచి తిరిగి తెర మీదికి ఎగబాకుతుంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక లైట్లన్నీ ఆర్పేసి సినిమా చూడడం మాకు అలవాటు. అంటే టీవీ ఒకటే అయినా అది రెండు వేర్వేరు గదుల్లో పని చేస్తున్నట్టే లెక్క.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు చాలా ఇళ్లలో జరుగుతుంటుంది కాబట్టి దానితోనే మొదలుపెడతాను. పగటిపూట సీరియల్‌లో రాత్రి సన్నివేశం వచ్చినప్పుడల్లా మా అమ్మ, "ఏందిరా ఇది, మనిషి మొగమే కనపడదే" అనేది. నేను రిమోట్ తీసుకుని బ్రైట్‌నెస్‌ను 50 నుంచి 58కి పెంచాను. ముఖాలు కనిపించాయి, అమ్మ ఊరుకుంది. ఆ రాత్రి దీపాలార్పి సినిమా పెడితే, తెరకు పైనా కిందా ఉండే నల్లటి పట్టీలు నల్లగా లేవు, నీళ్లు కలిపిన బూడిదలా ఉన్నాయి. నల్ల కోటు, నల్ల జుట్టు, వెనకున్న చీకటి గోడ మూడూ ఒకే రంగులో కలిసిపోయాయి. ప్యానెల్‌లోనే లోపముందేమోనని వారం రోజులు అనుమానపడ్డాను.

లోపం ప్యానెల్‌ది కాదు, బ్రైట్‌నెస్ అనే పేరుది. మా టీవీ మెనూలో ఆ మీట తెర వెలుగును పెంచదు. సిగ్నల్‌లో నలుపుగా రాసి ఉన్నదాన్ని తెర ఏ మెట్టు మీద చూపాలో అది నిర్ణయిస్తుంది, అంటే అది బ్లాక్ లెవెల్. అసలు వెలుగును పెంచేది బ్యాక్‌లైట్. కొన్ని కంపెనీల కొత్త మెనూల్లో బ్యాక్‌లైట్‌కే బ్రైట్‌నెస్ అని పేరు పెట్టి, బ్లాక్ లెవెల్‌ను విడిగా చూపుతున్నారు. అందువల్ల పేరును నమ్మకుండా, మీట జరిపినప్పుడు ఏది మారుతోందో కళ్లతో చూసుకోవాలి. నల్లటి పట్టీలు గట్టిగా మారుతూ తెల్లటి భాగం దాదాపు కదలకపోతే అది బ్లాక్ లెవెల్. మొత్తం బొమ్మ ఒకేసారి వెలుగు ఎక్కితే అది బ్యాక్‌లైట్.

ఇన్నాళ్ల వాడకంలో నాకు రూఢి అయిన విషయం ఇది: బ్లాక్ లెవెల్ అనేది సిగ్నల్‌ను బట్టి పెట్టుకోవలసినది, గదిని బట్టి కాదు. గదిని బట్టి మార్చుకోవలసినవి గామా, బ్యాక్‌లైట్. గామా అంటే నలుపుకూ తెలుపుకూ మధ్య ఉండే నీడలు ఎంత వెలుగుతో కనిపించాలో నిర్ణయించే అంకె, అది పెరిగితే నీడలు ముదురుతాయి. బ్లాక్ లెవెల్‌ను రాత్రి చీకట్లో ఒక్కసారి సరిచేసి వదిలేయాలి, పగలు దాని జోలికి వెళ్లకూడదు.

దీనికి కారణం చిన్న లెక్కలో కనిపిస్తుంది. మామూలు వీడియో సిగ్నల్‌లో 0 నుంచి 255 దాకా ఉండే మెట్లలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. నలుపుకు కొంచెం పైన, పది శాతం స్థాయిలో, దాదాపు 38 దగ్గర ఉండే నీడను తీసుకుందాం. రాత్రి సన్నివేశంలో మనిషి చెంప మీద పడే నీడ సుమారుగా అక్కడే ఉంటుంది. గామా 2.4 అయితే ఆ నీడ పూర్తి తెలుపు వెలుగులో 0.4 శాతమే వెలుగుతుంది, 2.2 అయితే 0.63 శాతం, 2.0 అయితే ఒక శాతం. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు, పగలు నా తెర తెలుపు 300 నిట్లు అనుకుంటే ఇవి వరుసగా 1.2, 1.9, 3 నిట్లు. తెర మీద 200 లక్స్ వెలుతురు పడి, అందులో రెండు శాతం వెనక్కి చెదిరిందనుకుంటే, ఏమీ చూపని నల్లటి చోట కూడా దాదాపు 1.3 నిట్ల మెరుపు ఉంటుంది. అది అన్నిటికీ కలుస్తుంది కాబట్టి 2.4 గామాలో చెంప నీడ 2.5 నిట్లు, దాని పక్కనున్న నలుపు 1.3 నిట్లు, అంటే రెట్టింపు తేడా కూడా లేదు. అదే 2.0 పెడితే నీడ 4.3కు చేరుతుంది, నలుపు మాత్రం 1.3 దగ్గరే ఆగుతుంది. నేను బ్రైట్‌నెస్ పెంచినప్పుడు నీడతో పాటు నలుపును కూడా పైకి లాగాను. ఎండ అప్పటికే చేస్తున్న పాడుపనికి నేను చేయి కలిపానన్నమాట.

రాత్రి సంగతి దీనికి తలకిందులుగా ఉంటుంది. గది మెరుపు దాదాపు సున్నా, కంటిపాప విప్పారి ఉంటుంది, 100 నిట్ల తెలుపే ధారాళంగా సరిపోతుంది. అప్పుడు 2.0 గామా పెడితే నీడలన్నీ పలచబడి, బొమ్మ పిండి చల్లినట్టు తయారవుతుంది. స్టూడియోలో చీకటి గదిలో సరిచూసిన సినిమాకు 2.4 సరిపోతుంది. 2011లో వచ్చిన BT.1886 అనే ప్రమాణం కూడా ఆ అంకెనే ఆధారం చేసుకుంది. నా టీవీలో ఆ పేరుతోనే ఒక ఎంపిక ఉంది, రాత్రికి దాన్నే వాడుతున్నాను.

బ్లాక్ లెవెల్ సరిచేయడానికి AVS HD 709 అనే ఉచిత పరీక్షా చిత్రాల్లోని నలుపు పట్టీల చిత్రాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రాత్రి పూర్తి చీకట్లో ఆడించాను. అందులో అంకెలు వేసిన సన్నటి పట్టీలు మిణుకుమిణుకుమంటుంటాయి. 16, అంతకు తక్కువవి కనిపించకూడదు, 17 నుంచి పైవి కనీకనిపించనట్టు ఉండాలి. బ్రైట్‌నెస్ 58 దగ్గర 16కు తక్కువ పట్టీలు కూడా ఆడుతూ కనిపించాయి. 46కు దించితే 21 దాకా మాయమయ్యాయి. 50 దగ్గర 17 లీలగా, 18 స్పష్టంగా కనిపించాయి. కంపెనీ పెట్టి పంపిన అంకె మొదటి నుంచీ సరైనదేనని తెలిసి నాకు కొంచెం సిగ్గేసింది.

అయితే పెన్‌డ్రైవ్‌లో కుదిరింది కేబుల్ పెట్టెకు కుదరలేదు. ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌లో నలుపు ఇంకా తేలిపోతూనే ఉంది. పెట్టె 16 నుంచి 235 పరిధిలో పంపుతుంటే, బ్రైట్‌నెస్ మీటతో సంబంధం లేకుండా ఆ ఇన్‌పుట్‌కు విడిగా ఉండే బ్లాక్ లెవెల్ అనే మరో ఎంపిక హై అని ఉండడం వల్ల, టీవీ దాన్ని 0 నుంచి 255 సిగ్నల్‌గా అనుకుంటోంది. దాంతో 16 నలుపు కాక బూడిద అయింది. లో అని మార్చగానే సర్దుకుంది. దీనికి విరుద్ధంగా పొరబడితే నీడలు మొత్తంగా నలుపులో మునిగిపోయి, జుట్టు నల్ల ముద్దగా మారుతుంది. ఆ తప్పును గామా మార్చి కప్పిపుచ్చలేము. పరీక్షా చిత్రం ఆడించే వీలు లేని పెట్టెకు, వెడల్పు సినిమా నల్లటి పట్టీలను చూస్తూ బ్రైట్‌నెస్‌ను ఒక్కో మెట్టే దించాలి, పట్టీలు ఇక మరింత నల్లబడని చోట ఆగాలి.

ప్రస్తుతం నా దగ్గర రెండు పిక్చర్ మోడ్‌లున్నాయి. రాత్రిది BT.1886, బ్యాక్‌లైట్ 22. పగటిది గామా 2.0, బ్యాక్‌లైట్ 90. బ్రైట్‌నెస్ రెండింటిలోనూ 50. డైనమిక్ కాంట్రాస్ట్, వెలుతురు సెన్సర్ రెండూ ఆఫ్‌లో ఉంచాను, లేకపోతే అవి వెనక నుంచి ఈ అంకెలను మార్చేస్తాయి. మధ్యాహ్నం కిటికీ తెరలు వేశాక 2.2 సరిపోతుంది కానీ దానికోసం మూడో మోడ్ పెట్టుకునేంత ఓపిక నాకు లేదు. గామాను -3 నుంచి +3 దాకా చూపే టీవీల్లో ఏ వైపు జరిపితే నీడలు తేటపడతాయో కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి బూడిద రంగు గోడ ఉన్న దృశ్యాన్ని ఆపి చూసుకోవాలి.

ఈ లెక్క మామూలు చిత్రాలకే. వెలుగు చీకట్ల పరిధి మామూలు కంటే ఎక్కువగా ఉండే హెచ్‌డీఆర్ సినిమాలో ఏ మెట్టు ఎన్ని నిట్లు వెలగాలో సిగ్నలే చెబుతుంది కాబట్టి, అది మొదలవగానే మా టీవీలో గామా ఎంపిక మసకబారి పనిచేయడం మానేస్తుంది. ఎండ వేళ అలాంటి సినిమాలో చీకటి సన్నివేశం వస్తే గుమ్మం తలుపు దగ్గరగా వేయడం తప్ప నాకు వేరే ఉపాయం దొరకలేదు.