కలర్ కెమెరాతో డ్రిజిల్: చాలాకాలం వాడాక నేను స్కేల్ 1 దగ్గర ఎందుకు ఆగాను

నా సెటప్ చిన్నదే: 250 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న రిఫ్రాక్టర్, 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న 26 మెగాపిక్సెల్ కలర్ కెమెరా. 206.265ను 3.76తో గుణించి 250తో భాగిస్తే ఒక్కో పిక్సెల్‌కు ఆకాశంలో 3.1 ఆర్క్‌సెకండ్లు వస్తాయి. మా డాబా మీద గాలి నిలకడగా ఉన్న రాత్రి నక్షత్రం వెడల్పు కూడా ఇంచుమించు అంతే. అంటే నక్షత్రం మొత్తం ఒకటి రెండు పిక్సెళ్లలోనే ఇరుక్కుంటుంది, జూమ్ చేస్తే చతురస్రంలా కనిపిస్తుంది. 1995లో హబుల్ డీప్ ఫీల్డ్ చిత్రాలకూ ఇదే ఇబ్బంది. అక్కడి వైడ్ ఫీల్డ్ కెమెరా పిక్సెల్ 0.1 ఆర్క్‌సెకండు, టెలిస్కోప్ దానికంటే సన్నని వివరం చూపగలదు. ఆండ్రూ ఫ్రుక్టర్, రిచర్డ్ హుక్ ఎన్నో ఫ్రేములను కలిపి సన్నని వివరం రాబట్టే డ్రిజిల్ పద్ధతిని తయారుచేసింది ఆ చిత్రాల కోసమే.

పద్ధతి ఇది. ప్రతి ఫ్రేములోని ప్రతి పిక్సెల్‌నూ కొంచెం కుదించి చుక్కగా చేస్తారు. ఆ చుక్కను సన్నని కొత్త గళ్ల మీద అది నిజంగా పడాల్సిన చోట వేస్తారు. ఏ గడిని ఎంత కప్పితే ఆ గడికి అంత వాటా. చుక్క పక్క కొలత అసలు పిక్సెల్‌లో ఎంత వంతో pixfrac చెబుతుంది, కొత్త గడి ఎంత చిన్నదో స్కేల్ చెబుతుంది. స్కేల్ 1లో గడి అసలు పిక్సెల్ అంతే, 2xలో గడి పక్క కొలత అందులో సగం. ఫ్రేముల మధ్య టెలిస్కోప్‌ను కాస్త అటూ ఇటూ జరపాలి (డితరింగ్). లేకపోతే చుక్కలన్నీ ఒకేచోట పడి కొత్త సమాచారం ఏమీ రాదు.

అందరిలాగే నేనూ మొదట్లో 2x వాడాను. కానీ కలర్ కెమెరాలో ఎరుపు చూసేది నాలుగు పిక్సెళ్లలో ఒక్కటే. ఎరుపు వరకు నా కెమెరా పిక్సెల్‌కు 6.2 ఆర్క్‌సెకండ్ల కెమెరా కిందే లెక్క. మామూలుగా డీబేయర్ చేస్తే మిగతా మూడు చోట్లా ఎరుపు విలువను పక్కవాటిని చూసి ఊహిస్తారు. డీబేయర్ చేయకుండా నేరుగా డ్రిజిల్ చేస్తే ఆ ఊహ అక్కర్లేదు, డితరింగ్ వల్ల ప్రతి చోటా ఎప్పుడో ఒకప్పుడు అసలైన ఎరుపు పిక్సెల్ పడుతుంది. ఎం33 గెలాక్సీలో సన్నని నక్షత్రాలను 200 శాతం జూమ్‌లో పెట్టి రెండు స్టాకులూ పక్కపక్కన చూశాను. డీబేయర్ చేసిన దాంట్లో నక్షత్రాల అంచున ఆకుపచ్చ, మెజెంటా మచ్చలున్నాయి. డ్రిజిల్ చేసిన దాంట్లో అవి లేవు, నక్షత్రాలూ గుండ్రంగా ఉన్నాయి. ఈ లాభం స్కేల్ 1లోనే పూర్తిగా దొరుకుతుంది.

2xకి ఎన్ని ఫ్రేములు కావాలో లెక్క వేసి చూస్తే నా నిర్ణయం అర్థమవుతుంది. 60 ఫ్రేములు, స్కేల్ 1, pixfrac 1 అనుకోండి. ఎరుపులో ఒక్కో గడికి చేరే వాటాల మొత్తం, అంటే బరువు, సగటున 15. డితరింగ్ సరిగ్గా ఉంటే గడి గడికీ బరువులో తేడా దాదాపు 11 శాతమే. అవే 60 ఫ్రేములు 2x, pixfrac 0.6తో వేస్తే బరువు 5.4కు పడిపోతుంది, తేడా 28 శాతానికి పెరుగుతుంది. హబుల్ డేటాతో పనిచేసేవాళ్లు 20 శాతం దాటనివ్వరు. ఆ హద్దులోకి రావాలంటే నాకు 120 దాకా ఫ్రేములు కావాలి. తక్కువైతే బ్యాక్‌గ్రౌండ్‌లో గళ్లగళ్లుగా నమూనా తేలుతుంది. ముందు ఎరుపు ఛానెల్ ఒక్కటే తెరిచి చూడండి, అక్కడే బయటపడుతుంది.

సిరిల్ సాఫ్ట్‌వేర్ 1.4లో నేను వాడేది ఇది. క్యాలిబ్రేషన్‌లో డీబేయర్ ఆపేయడం మర్చిపోవద్దు:

```
register pp_light -2pass
seqapplyreg pp_light -drizzle -scale=1.0 -pixfrac=1.0 -kernel=square
```

డిస్క్ సంగతి కూడా చెప్పాలి. 2xలో, 32 బిట్‌లో, నా కెమెరా ఫ్రేము ఒక్కొక్కటి 1.25 గిగాబైట్లు అవుతుంది. వంద ఫ్రేములకు 125 గిగాబైట్లు. స్కేల్ 1లో అందులో నాలుగో వంతు చాలు.

నాయిస్ అంకెను మాత్రం నమ్మకండి. ఒకే పిక్సెల్ వెలుతురు పక్కపక్క గళ్లకు పంచబడుతుంది కాబట్టి గళ్ల నాయిస్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటుంది. స్కేల్ 1, pixfrac 1లో సాఫ్ట్‌వేర్ చూపే నాయిస్ అసలుకంటే ఒకటిన్నర రెట్లు తక్కువ. డ్రిజిల్ వల్ల నాయిస్ తగ్గిందని చెప్పేవాళ్లు చూస్తున్నది ఎక్కువగా ఈ నునుపునే.

అదే కెమెరాను వెయ్యి మిల్లీమీటర్ల న్యూటోనియన్‌కు తగిలిస్తే పిక్సెల్‌కు 0.78 ఆర్క్‌సెకండు. నక్షత్రం నాలుగు పిక్సెళ్లు పరుచుకుంటుంది, ఎరుపుకు కూడా అది చాలు. ఆ టెలిస్కోప్‌తో తీసిన వాటికి నేను డ్రిజిల్ వాడను, డీబేయర్ చేసి మామూలుగా స్టాక్ చేస్తాను. 2xను మోనో కెమెరా ఉండి, పొట్టి లెన్స్‌తో తీసి, వందకు పైగా డితరింగ్ చేసిన ఫ్రేములు చేతిలో ఉన్నవాళ్లకే సిఫార్సు చేస్తాను.